మూడు సీసాల మేష్టారు

నలుపు, గోధుమ రంగు సీసాలను బీరువాలో పెట్టి తాళం వేసిన డ్రాయింగ్ మేష్టారిని పిల్లలు మూడు సీసాల మేష్టారనేవారు. ఎరుపు, పసుపు, నీలం కలిపితే ఏ రంగైనా వస్తుందని ఆయన పంతం.

ఆ రోజు ఒక పాప తన నల్లకుక్కను వేస్తోంది. ఎంత కలిపినా బురదే. కాగితం నాని చిరిగేలా ఉంది.

"ఇలా తే!" అని ఆయన కుంచె లాక్కున్నాడు. నీలం పెంచాడు, ఎరుపు పెంచాడు. బూడిదరంగే వచ్చింది.

మూడు రంగులూ కలిసి వెలుగును ఎంత మింగినా, చవక రంగుల్లోని సుద్ద కొంత తిప్పికొడుతుంది. అది ఆయనకు తెలుసు. తెలిసీ ఒప్పుకోలేదు.

"మా కుక్క బూడిద కాదండీ," అంది పాప.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేచి బీరువా తెరిచి, నలుపు సీసా మూత తిప్పాడు. ఏళ్ల తరబడి తాళంలో ఉండి, లోపల రంగు రాయిలా ఎండిపోయింది.