కామాల మేడం, ఒక తిట్ల సమీక్ష

ఆమెకూ ఒక పేరుంది. జీతాల గుమాస్తా తప్ప ఎవరూ దాన్ని వాడరు. విశ్వవిద్యాలయంలో ఆమె అందరికీ కామాల మేడం. భాషాశాఖలో మెట్ల కింద గది ఆమెది. ఒక బల్ల, ఒక కంప్యూటర్, మూడు కుర్చీలు. పొడుగువాళ్లు లోపలికి వస్తూ గుమ్మానికి తల కొట్టుకుంటారు. కొట్టుకున్నాక కాస్త వినయంగా మాట్లాడతారని ఆమె గమనించింది. అందుకే గది మార్చమని అడగలేదు.

ఫలానా రాత ఎవరిదన్న తగాదా వస్తే ఆమె దగ్గరికి పంపుతారు. తేలుస్తానని ఆమె అనదు. పోలికలు చూస్తానంటుంది.

"ఇంత చదువు చదివి 'కానీ'లు లెక్కపెడుతున్నావుటే?" అంటుంది తల్లి.

"'అయితే'లు కూడా అమ్మా."

"ఎవరైనా అడిగితే నువ్వు బ్యాంకులో చేస్తున్నావని చెబుతున్నా."

ఆమె నమ్మకం ఇది. పెద్ద మాటలను రచయిత చూసి వేస్తాడు. హత్య గురించి రాస్తే కత్తి వస్తుంది, వాన గురించి రాస్తే మబ్బు వస్తుంది. వాటిని ఎవరైనా ఎత్తుకోవచ్చు. కానీ, అయితే, కూడా, మరి, ఇక, అంటే. వీటిని ఎవరూ చూసి వేయరు. నడిచేటప్పుడు చేయి ఊగినట్టు వాటంతటవే వస్తాయి. వెయ్యి మాటలకు ఏది ఎంత తరచుగా వచ్చిందో, మాట చివర అతుక్కునే 'ఏ'లు, 'ఓ'లు ఎన్నో, కామా ఎక్కడ పడిందో, అడ్డగీత ఎక్కడ గీశారో ఆమె లెక్కిస్తుంది. మరీ ఎక్కువగా వచ్చే మాట మిగతావాటి నోరు నొక్కకుండా అన్నిటినీ ఒకే కొలతకు తెస్తుంది. అప్పుడు రెండు రాతల మధ్య దూరం చూస్తుంది.

ఒకరోజు హత్యల మాస్టారు వచ్చాడు. హత్యల నవలలు రాస్తాడు కాబట్టి ఆ పేరు. పొడుగుమనిషి. తల కొట్టుకున్నాడు గానీ వినయం రాలేదు. వెనకాలే భార్య.

ఆయన ఒక వారపత్రిక బల్ల మీద పడేశాడు. అందులో ఆయన కొత్త నవల మీద సమీక్ష ఉంది. కింద 'పాఠకమిత్ర' అని దొంగపేరు. అసలు పేరు పత్రికవాళ్లు చెప్పరు.

"ఇది మా బావమరిది రాశాడు. మీరు అవునని సంతకం పెడితే చాలు."

"పోల్చకుండా పెట్టను సార్."

"పోల్చడానికేముంది? 'ఈ నవలలో అదృష్టవంతుడు హతుడొక్కడే, తర్వాతి పేజీలు చదివే బాధ తప్పింది' అన్నాడు. అంత విషం మా ఆవిడ వైపు వాళ్లకే ఉంటుంది."

భార్య ఆ మాట విననట్టే మేడం వైపు తిరిగింది. "అప్పట్నుంచి మా తమ్ముణ్ణి గడప తొక్కనివ్వడం లేదమ్మా. నాకున్నది వాడొక్కడే. ఫోను చేస్తే ఈయన పక్కగదిలోంచి దగ్గుతారు."

"కాదని ఒక్కమాట అన్నాడా వాడు? మొహమ్మీదే అడిగితే నవ్వాడు!"

"వాడు కాదని తేలితే?" అంది భార్య.

"నేనే పిలుస్తా. వాడేనని తేలితే మాత్రం ఈ జన్మకి ఇటు రాకూడదు."

బావమరిది కాలేజీలో పాఠాలు చెబుతాడు, విమర్శ రాస్తాడు. మేడం అతని వ్యాసాలు సంపాదించింది. మరో ఇద్దరు సమీక్షకుల రాతలు తెచ్చింది. చివర్లో మాస్టారి నవలలు, ముందుమాటలు కూడా చేర్చింది. ఆయన రాయలేదని ముందే తెలుసు. అలా తెలిసినవాణ్ణి లెక్క దూరంగా చూపిస్తే అది సరిగా నడుస్తున్నట్టు. కామాలు పత్రికవాళ్లు మార్చారేమోనని ఉపసంపాదకుడికి ఫోను చేసింది.

"కామాలా? అచ్చుతప్పులు చూడ్డానికే తీరికలేదండీ," అన్నాడు అతను.

ఫలితం వచ్చింది. మిగతా అందరికంటే సమీక్షకు దగ్గరగా ఉన్నది హత్యల మాస్టారు.

మేడం ఆయన్ను పిలిచి, కళ్లజోడు తుడుచుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది.

"నన్ను నేనే తిట్టుకున్నానా?"

"లెక్క అలా ఉంది."

"నన్ను నేను తిట్టుకుంటే ఇంకా బాగా తిట్టుకునేవాణ్ణమ్మా!"

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. "నిద్రలో రాశారేమో," అంది. "నవలలు కూడా అలాగే రాస్తారుగా."

మాస్టారు పత్రికను లాక్కుని ఒక పేజీ మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఈ ముక్క చూడండి. 'వాన పడుతూనే ఉంది, కానీ అతను తడవలేదు, ఎందుకంటే అతను చచ్చిపోయాడు.' ఇంత చక్కటి వాక్యం వాడెక్కడ రాయగలడు? ఇది నాది!"

మేడం అటు వంగి చూసింది. పత్రికలో ఆ వాక్యం వాలు అక్షరాల్లో ఉంది. పై పేరా వాలుగా ఉంది. అవతలి పేజీ దాదాపు అంతా వాలుగానే ఉంది.

సమీక్షకుడు వెక్కిరించడానికి నవల్లోంచి పేజీలకు పేజీలు ఎత్తి రాశాడు. పత్రికవాళ్లు వాటికి ఉల్లేఖన చిహ్నాలు పెట్టలేదు. వాలు అక్షరాల్లో వేసి ఊరుకున్నారు. మేడం తన కంప్యూటర్లోకి ఎక్కించుకున్నప్పుడు వాలు పోయి అన్నీ నిటారుగా నిలబడ్డాయి. కొత్తగా చేరిన విద్యార్థికి ఆమె మొదట చెప్పే సంగతే ఇది. అరువు తెచ్చుకున్న మాటలు ముందు తీసేయాలి.

"తప్పు నాది సార్. మిమ్మల్ని మీతోనే పోల్చాను."

"చెప్పానా, నాదని!" అన్నాడు మాస్టారు, గెలిచినట్టు.

వాలు వాక్యాలన్నీ తీసేసి మళ్లీ లెక్క చూసింది. సగం కూడా మిగలలేదు. మాస్టారు దూరంగా పోయాడు. ఆ ఇద్దరు సమీక్షకులూ దూరమే. బావమరిది ఇంకా దూరం. అతను ప్రతి వాక్యాన్నీ మధ్యలో గీత గీసి ఆపుతాడు, 'అయితే'తో మొదలుపెడతాడు, 'కదా'తో ముగిస్తాడు. సమీక్షలో గీతే లేదు, 'కదా' మచ్చుకైనా లేదు, ఉన్నవన్నీ 'కానీ'లు.

"రాత చిన్నది. ఎవరు రాశారో నేను చెప్పలేను," అంది మేడం. "మీ బావమరిది అలవాట్లు మాత్రం ఇందులో కనబడలేదు."

మాట ఇచ్చాడు కాబట్టి మాస్టారు ఫోను చేశాడు. లెక్క వివరించడానికి మేడాన్ని కూడా ఇంటికి రమ్మన్నారు.

బావమరిది వచ్చి గుమ్మం బయటే ఆగాడు. మేడం చెప్పిందంతా విన్నాడు. అతని మొహం వాడిపోయింది.

"ఇంకోసారి చూడండి మేడం."

"చూశానండీ."

"ఎవరూ పట్టుకోకుండా గీతలు తీసేసి రాశాననుకోండి?"

"గీతలు తీయడం సులువే. 'అయితే'లు మానుకుని, 'కదా'లు మింగేసి, అలవాటు లేని 'కానీ'లు మొదటినుంచి చివరిదాకా అదే పాళ్లలో పోశారా?"

అతను నేల చూశాడు.

"రాయలేదని ఎందుకురా ఒప్పుకోవు?" అంది అక్క.

"కాలేజీలో అందరూ నేనే రాశాననుకుంటున్నారక్కా. ప్రిన్సిపాల్ పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. ఇన్నేళ్లు వ్యాసాలు రాస్తే ఒక్కడూ చదవలేదు. రాయని దానికి దండం పెడుతున్నారు. కాదని ఎలా చెప్పను?"

మాస్టారు బావమరిదిని ఎగాదిగా చూశాడు. తిట్టించుకున్న తనకంటే తిట్టని వీడి బాధే పెద్దదిగా ఉంది.

"ఆ కుర్చీ కావాలా, ఈ గడప కావాలా?" అంది అక్క. గొంతు పెంచలేదు.

అతను వీధి వైపు చూశాడు. తర్వాత ఇంట్లోకి చూశాడు.

"రాయలేదు."

"మీ బావకి వినబడేలా."

"రాయలేదు బావా! నేను రాయలేదు!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. మాస్టారు గుమ్మానికి అడ్డం తప్పుకున్నాడు.

"అయితే ఒకటి," అన్నాడు బావమరిది, చెప్పులు విడుస్తూ. "రాసినవాడెవడో గానీ ఉన్నమాటే రాశాడు కదా."

"ఏమన్నావురా?"

"లోపలికొచ్చి పోట్లాడుకోండి ఇద్దరూ," అంది అక్క. తమ్ముడి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. మేడానికి కుర్చీ చూపించి, నలుగురికీ టీ పెట్టడానికి వెళ్లింది.