ఉత్త టీ

మా వదిన మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది. స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప తీయదు. మేడమెట్ల కింద ఆమె కుట్టుమిషను, దాని పక్కన కత్తిరింపుల బల్ల, గోడకి వరసగా హ్యాంగర్లు. అదే దుకాణం. వచ్చేవాళ్ళందరికీ ఆమె టేపక్క. మనిషి మెట్లు దిగుతుండగానే నడుము ఎంతో చెప్పేస్తుంది. "లాస్ట్ టైం కన్నా రెండంగుళాలు పెరిగారు సార్, మీ ఆవిడ వంట బాగా చేస్తోందా, మీరు బాగా అబద్ధాలాడుతున్నారా?" అంటుంది. నవ్వుకుంటూనే ప్యాంటు వదులు చేయించుకుంటారు.

ఆమె కూడా లావే. మొన్నటిదాకా అదొక జోకు మాత్రమే. "నాకు నేను కుట్టుకుంటే గుడ్డ మిగలదు, అదొక్కటే బాధ" అనేది.

మా ఆయన మూత్రపిండాలు రెండూ పాడైపోవడంతో ఆ జోకు ఆగిపోయింది. అప్పటికి మా పాప పాకడం మొదలెట్టింది. వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద. మెడ దగ్గర గొట్టం. రోజుకి లీటరు కూడా తాగకూడదు. ఆయన వాటా నీళ్ళని పాప పాత పాలసీసాతో కొలిచి ఇస్తాను. దాని మీద గీతలు స్పష్టంగా ఉంటాయి కదా, అందుకని.

కిడ్నీ ఇద్దామంటే నా రక్తం గ్రూపు సరిపోలేదు. ఆయన సొంత అక్క కదా, వదినది సరిపోయింది. "రెండున్నాయిగా, ఒకటి తీసుకోండి. కుట్లు మాత్రం నీట్‌గా వెయ్యండి, నేను చూసి వంక పెడతాను" అని డాక్టరుతో అంది. డాక్టరు నవ్వలేదు. ఆమె ఎత్తు, బరువు చూసి, తొమ్మిది కిలోలు తగ్గితేనే తర్వాతి పరీక్షలకి పిలుస్తామన్నాడు. ఈ బరువుతో కోస్తే ఆమెకే ప్రమాదమట. ఆరోగ్యంగా ఉన్న మనిషిని కోస్తున్నాం కాబట్టి ఆ విషయంలో రాజీ లేదన్నాడు.

బరువు తగ్గించడం నాకు తెలిసిన లెక్కే అనుకున్నాను. కెమిస్ట్రీ చదివినదాన్ని. లోపలికి వెళ్ళేది ఖర్చయ్యేదానికన్నా తక్కువైతే ఒళ్ళు కరిగి తీరాలి. ఆసుపత్రిలో ఆహార నిపుణురాలు చెప్పినట్టే అన్నం సగానికి తగ్గించాం. వేపుళ్ళు మానేశాం. రోజుకి ఐదొందల కేలరీల దాకా కోత. వారానికి అరకిలో దిగాలి. వంటింటి త్రాసు మీద తూచి, ఆమె మధ్యాహ్నం డబ్బా నేనే కట్టేదాన్ని.

రెండు నెలలు గడిచాయి. వదిన ఎక్కి నిలబడే త్రాసు ముల్లు కదలలేదు. మొదట్లో అరకిలో తగ్గింది, మళ్ళీ ఎక్కింది.

"త్రాసు చెడిపోయిందేమో" అంది వదిన. పాపని ఎక్కించి చూశాం. త్రాసు బాగానే ఉంది.

ఈలోగా ఆయనకి రెండుసార్లు చలిజ్వరం వచ్చింది. మెడలోని గొట్టం దగ్గర ఇన్‌ఫెక్షన్ అన్నారు. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన దారి గడ్డకట్టి మూసుకుపోయింది. ఇక రెండోచెయ్యి మిగిలింది. ఆయన నిద్రపోతుంటే దుప్పటి లేచి పడుతోందో లేదో చూస్తూ కూర్చునేదాన్ని. పాప పుట్టినప్పుడూ అలాగే చూశాను. ఇప్పుడు ఇద్దరినీ చూడాలి.

వదిన రహస్యంగా తింటోందని నాకు అనుమానం మొదలైంది. పైకి అనలేదు. ఒకరోజు సాయంత్రం ఆయనే అనేశారు.

"అక్కా, ఇష్టం లేకపోతే చెప్పెయ్. నేనేం అనుకోను."

వదిన పాపకి గౌను కుడుతోంది. సూది అలాగే ఆగిపోయింది. "ఏంట్రా అన్నావ్?"

"బరువు తగ్గకపోతే ఆపరేషన్ ఉండదు. నువ్వు తగ్గట్లేదు. అంతే అన్నాను."

"నేను తింటున్నాననా నీ ఉద్దేశం? స్వీటు ముట్టి ఎన్నాళ్ళయిందో తెలుసా? ఆకలితో రాత్రి కడుపు గుడగుడమంటుంటే దిండు పెట్టుకుని పడుకుంటున్నాన్రా! ఏదీ, మీ ఆవిడని అడుగు, డబ్బాలో మెతుకులు లెక్కపెట్టి పంపుతోంది!"

నా మొహం చూసి ఆమెకి అర్థమైపోయింది.

"ఓహో. నువ్వూ అంతేనా" అంది. గౌను మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు డబ్బా నేనే తీసుకెళ్ళాను. క్షమించమని అడగాలనుకున్నాను గానీ దుకాణంలో జనం. పాపని ఒళ్ళో పెట్టుకుని బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాను. వదిన నా వైపు చూడకుండా మిషను తొక్కుతోంది.

ఎదురుగా టీ కొట్టు. యూనిఫాం సైజు చేయించడానికొచ్చిన ఒకాయన కేకేశాడు, "రెండు టీ! ఒకటి అక్కకి!" గ్లాసు వచ్చింది. వదిన తాగింది. ఆయన వెళ్ళాక పక్క షాపు ఫోన్లు బాగుచేసే అతను తొంగిచూశాడు. "టేపక్కా, మొహం వాడిపోయిందేంటి? టీ చెప్తానుండు." మళ్ళీ గ్లాసు వచ్చింది. ఆ తర్వాత ఒకావిడ సీసాలో పళ్ళరసం తెచ్చింది. "అన్నం మానేశావట కదా, నీరసం రాకుండా ఇది తాగు తల్లీ." వదిన అదీ తాగింది.

బల్ల మీద చెక్క రంగు కనపడకుండా గ్లాసుల అడుగు మరకలు ఒకదానిమీదొకటి గుండ్రంగా పడి ఉన్నాయి. అవి నాకు కొత్త కాదు. బల్లంటే అలాగే ఉంటుందనుకునేదాన్ని.

"వదినా, పొద్దున్నుంచి ఏం తిన్నావ్?"

"ఏం తినలేదు. కావాలంటే కడుపు కోసి చూసుకో. ఎలాగూ కోస్తారుగా."

"ఏం తాగావ్?"

ఆమె పెడలు ఆపి నా వైపు తిరిగింది. "ఏం తాగడమేంటి? ఉత్త టీ. ఆకలేస్తే తినకూడదన్నారు, తాగొద్దన్నారా?"

ఇన్నాళ్ళూ నేనడిగింది "ఏం తిన్నావ్" అనే. ఆసుపత్రిలో అడిగిందీ అదే. ఆమె ప్రతిసారీ నిజమే చెప్పింది.

మూడో గ్లాసు వచ్చినప్పుడు దాన్ని తీసుకుని పాప పాలసీసాలో పోశాను. నూట యాభై గీత దాటింది. టీ కొట్టాయన దగ్గరికి వెళ్ళి, చక్కెర ఎంత వేస్తున్నాడో అడిగాను.

"అక్కకా? అక్కకి స్పెషలమ్మా" అన్నాడు సంతోషంగా. "ఇదివరకు రెండు చెంచాలు వేసేవాణ్ణి. తమ్ముడి కోసం పస్తులుంటోందని తెలిశాక నాలుగేస్తున్నా. పాలు కూడా చిక్కగా. ఓపిక ఉండాలిగా!"

ఏమనను ఆయన్ని? చెంచాకి పదహారు నుంచి ఇరవై కేలరీలు, పైన చిక్కటి పాలు. గ్లాసుకి నూట ముప్పై దాకా తేలింది. ఇదివరకు ఆమె తాగేది రోజుకి రెండు. డైటు మొదలయ్యాక ఆకలేసినప్పుడల్లా ఒకటి. దానికి తోడు పళ్ళరసం. పండు తింటే నమలాలి, పీచు ఉంటుంది, కడుపు నిండినట్టుంటుంది. అవే నాలుగు పళ్ళు పిండి గ్లాసులో పోస్తే రెండు గుక్కలు. కడుపుకి తెలియదు, మళ్ళీ ఆకలేస్తుంది. అన్నంలో నేను కోసిందంతా గ్లాసుల్లో తిరిగొచ్చేసింది.

"డయాలసిస్ దగ్గర మిషను కాఫీ తాగుతావ్ కదా వదినా?"

"అందులో చక్కెర వేసుకోనుగా!"

"ఆ పొడిలోనే కలిపి ఉంటుంది."

ఆమె ఖాళీ గ్లాసు పక్కకి జరిపింది. తర్వాత మెల్లగా, "మరి వాడి బాటిల్?" అంది.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. డయాలసిస్ నుంచి వచ్చిన సాయంత్రాలు ఆయన కూల్‌డ్రింకు కొనిపించేవారు. ఆయన తాగకూడదు. మూత తిప్పి, ఆ బుస్సుమనే చప్పుడు విని, వాసన చూసి అక్క చేతికిచ్చేవారు. "నా వాటా కూడా నువ్వే తాగక్కా, నేను చూస్తా." ఆమె ఒక్కో గుక్కా మెల్లగా, రుచి వివరిస్తూ తాగేది. "చల్లగా ఉందిరా. ముక్కులోకి వచ్చిందిరా." ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వు వినపడేది అప్పుడొక్కప్పుడే. మూడొందల మిల్లీలీటర్ల సీసాలో ఏడెనిమిది చెంచాల చక్కెర.

"వాడికి చెప్పకు" అంది వదిన. "వాడి వల్లే ఆలస్యమైందనుకుంటాడు."

చెప్పకుండా ఎలా? ఆ సాయంత్రం సీసా లేకపోయేసరికి ఆయనే అడిగారు. చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. చాలాసేపటికి భుజాలు కదిలాయి. వదిన వెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది.

"నిన్నన్నదానికి..." అని ఆయన మాట పూర్తిచేయలేకపోయారు.

"నోర్మూసుకో రా. నువ్వనకపోతే నీ పెళ్ళాం నా షాపులో కూర్చునేదా?"

అన్నం పెంచమన్నాను ఆమెని. పప్పు, కూర, పెరుగు అన్నీ కాస్త పెంచాను, ఆకలికి టీ కొట్టువైపు చూడకుండా. తాగేది నీళ్ళు, చక్కెర లేని టీ. మొదటిరోజు ఆ టీ తాగి మొహం వికారంగా పెట్టింది. "దీనికన్నా కిడ్నీ కోయించుకోవడం తేలిక." టీ కొట్టాయన మాత్రం నొచ్చుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పినా అర చెంచా వేసేవాడు, ఆమె గ్లాసు తిప్పిపంపేది. ఆఖరికి మెడలో టేపు చూపించి, "ఇంకోసారి వేస్తే దీంతో ఉరేస్తా" అంది.

ముల్లు దిగడం మొదలైంది. కానీ మాకు కావలసినంత వేగంగా కాదు. శరీరం తొందరపడదు. రెండు నెలలు ఊరికే పోయాయి, వాటిని ఎవరు తిరిగిస్తారు? మళ్ళీ చలిజ్వరం వచ్చి, ఆయన్ని వార్డులో చేర్చాం. గొట్టం మార్చారు. ఇలా ఎన్నిసార్లు మార్చగలరని అడిగితే నర్సు నా కళ్ళలోకి చూడలేదు.

ఆ వారమే వదిన బరువు చూసే రోజు. త్రాసు ముందు ఆమె చెప్పులు విడిచింది. గాజులు తీసి నా చేతిలో పెట్టింది. మెడలో టేపు కూడా తీసింది. జనం మధ్య ఆమె మెడని టేపు లేకుండా చూడటం నాకదే మొదటిసారి.

తొమ్మిదిలో నాలుగున్నర తగ్గింది. సగం.

డాక్టరు చాలాసేపు కాగితాలు తిప్పాడు. పాప నా భుజం మీద జుట్టు లాగుతోంది. నేను కదల్లేదు. "ఇదే దారిలో దిగితే చాలు" అన్నాడు చివరికి. "మిగతా పరీక్షలు ఇప్పటినుంచే మొదలుపెడదాం. ఆపరేషన్ మాత్రం మొత్తం తగ్గాకే. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటికొస్తాం."

అంటే ఇంకా ఆగాలి. ఆయన అంతదాకా ఉండాలి.

వార్డుకి వెళ్ళేసరికి ఆయన మేలుకునే ఉన్నారు. పెదవులు ఎండి పొట్టు లేచాయి. పాలసీసాలో ఆయన వాటా రెండు గీతలు మిగిలాయి. వదిన స్టూలు జరుపుకుని కూర్చుంది. ఎప్పుడూ ఆయన మొదట అడిగేది "తిన్నావా అక్కా" అనే.

ఆరోజు అలా అడగలేదు. "పొద్దున్నుంచి ఏం తాగావక్కా?"

"నీళ్ళు."

"ఎలా ఉన్నాయో చెప్పు."

వదిన గొంతు సవరించుకుంది. "చల్లగా ఉన్నాయిరా" అంది.

ఆయన కళ్ళు మూసుకున్నారు.