పద్దెనిమిది వేల కోతను కోసేసిన కోత పిన్ని

మా సీసాల ఫ్యాక్టరీలో జీతాలు లెక్కవేసే ఆవిడను అందరూ కోత పిన్ని అంటారు. ఆలస్యానికి కోత, సెలవుకు కోత, అన్నీ ఆవిడ చేతిమీదుగానే జరుగుతాయి. ఆవిడ కళ్లజోడు సవరించుకుంటే గోడమీది క్యాలెండర్లో ఆదివారాలు లేచి నిలబడతాయి. నేను చూశాను. నమ్మకపోతే మీ ఖర్మ. చదువుకు సగంలోనే సెలవిచ్చిన వ్యాను డ్రైవర్ని నేను, అయినా ఈ ఫ్యాక్టరీ సగం నా స్టీరింగు మీదే నడుస్తోంది.

ఆ రోజు నెలాఖరు, ముప్ఫయ్యో తారీకు. లేబుళ్ల మిషను నడిపే పిల్ల ఉద్యోగం మానేస్తోంది. ఒకటో తారీకున వేరేచోట సూపర్‌వైజరుగా చేరాలి. దగ్గర్లోనే గది మాట్లాడుకుంది, మర్నాడే ఇరవై వేలు అడ్వాన్సు కట్టాలి. చివరిరోజే లెక్క తేల్చి జీతం ఇవ్వడం మా దగ్గర పద్ధతి, ఆ పిల్ల ఆశంతా దానిమీదే.

మేనేజరు పంపిన కాగితం పట్టుకుని ఆ పిల్ల ఏడుపుమొహంతో పిన్ని గదిలోకి వచ్చింది. చలాన్ల మీద సంతకం కోసం నేను అక్కడే ఉన్నాను.

"నోటీసు రోజులు తక్కువయ్యాయని పద్దెనిమిది వేలు పట్టుకుంటారట పిన్నీ! మామూలు కోతలు కూడా పోతే చేతికి పదివేలు రావు. గది పోయినట్టే."

"ఏడుపు ఆపు, ముందు కాగితం ఇటియ్యి," అంది పిన్ని. "నోటీసు ఎన్ని రోజులు?"

"ముప్ఫై."

"రాజీనామా ఎప్పుడిచ్చావ్?"

"పదో తారీకున. మెయిలు పంపాను."

"ఇందులో పద్దెనిమిది నుంచి లెక్కేశారే?"

ఆ మాటకు మేనేజరే గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "నేను చూసింది పద్దెనిమిదినే కదమ్మా. వారం రోజులు లీవులో ఉన్నాను. పన్నెండు రోజులు పనిచేసింది, పద్దెనిమిది రోజులు తక్కువ. రోజుకు వెయ్యి."

"మీరు ఊరెళ్తే తారీకు కూడా మీ పెట్టెలో ఊరెళ్తుందా సార్?"

నేను నవ్వు ఆపుకోలేక చలాన్ల వెనక దాక్కున్నాను. పిన్ని బీరువాలోంచి ఆ పిల్ల నియామక పత్రం తీసి వేలు పెట్టి చదివింది. నోటీసు ఇచ్చిన మర్నాటినుంచి లెక్క. ఒప్పుకున్న రోజునుంచి కాదు. పదకొండు నుంచి ముప్ఫై దాకా, ఆదివారాలతో కలిపి, ఇరవై రోజులు. తక్కువైనవి పదే.

"సరే, పదివేలు," అన్నాడు మేనేజరు.

"అదీ కాదు. రోజుకు వెయ్యి ఎక్కడిది? మొత్తం జీతం ముప్ఫై వేలను ముప్ఫైతో భాగించారు. మీరు వాడిన లెక్కల షీటు ఆఫీసర్లది సార్, వాళ్లకు మొత్తం జీతం మీదే. ఈ పిల్ల పత్రంలో బేసిక్ మీద అని ఉంది. బేసిక్ పద్దెనిమిది వేలు, రోజుకు ఆరువందలు. పది రోజులకు ఆరువేలు."

మేనేజరు పత్రాన్ని ముక్కుకు ఆనించుకుని చదివాడు. అక్షరాలు మాత్రం ఆయన కోసం మారలేదు.

"వాడని సెలవులు ఏడున్నాయి. మీరు ఒప్పుకుంటే నోటీసులో సర్దొచ్చని ఇందులోనే ఉంది. సర్దుదామా?"

"సర్దండమ్మా," అన్నాడాయన. "మూడు రోజులే మిగిలాయిగా. పద్దెనిమిది వందలు."

నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "పిన్నీ, ఆ ఏడు సెలవులకు డబ్బులు కూడా ఇప్పించరాదూ?"

"ఒక్క సెలవును రెండుసార్లు తింటావా రా? సర్దితే డబ్బు లేదు, డబ్బు తీసుకుంటే సర్దడం లేదు. వ్యాను నడిపినట్టు లెక్కలు నడపకు!"

లేబుళ్ల పిల్ల కన్నీళ్లు తుడుచుకుని వేళ్లమీద లెక్కేసుకుంది. మామూలు కోతలు పోయినా చేతికి ఇరవై ఆరు వేలు. గది దక్కింది. అంతటితో ఊరుకుందా?

"పిన్నీ, ఇంత చేశావు, ఆ పద్దెనిమిది వందలు కూడా వదిలెయ్యవూ?"

"వదలను. పనిచేయని మూడు రోజులు పనిచేయనివే."

"ఎంత రాతిగుండె!"

"సూపర్‌వైజరు అవుతున్నావుగా, రేపు నీ కింద ఒకతె నోటీసివ్వకుండా పోతే అప్పుడు చెప్పు నా గుండె సంగతి."

మేనేజరు కాగితం మీద పాత అంకె కొట్టేసి సంతకం చేశాడు. పిన్ని ఆయన్ని కదలనివ్వలేదు.

"ఆగండి సార్. ఆ షీటుతోనే పోయిన నెల మానేసిన ప్యాకింగు అబ్బాయికి కూడా కోశాం. కోసింది నేనే, పత్రం తిప్పి చూడలేదు. వాడిదీ బేసిక్ మీదే అయ్యుంటుంది."

తన తప్పు తానే ఒప్పుకున్న లెక్కల మనిషిని నేను అదే మొదటిసారి చూడటం. ఏడు ఫ్యాక్టరీలు చూసినవాణ్ణి, చెబుతున్నా.

పిన్ని అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది. "ఒరేయ్ బాబూ, నేను కోత పిన్నిని. పెట్టెయ్యకు! ఈసారి నీకే ఇవ్వడానికి చేశాను."