రెజ్యూమె పక్కన రాయవలసిన నాలుగు మాటలు

శంషాబాద్ హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. విమానాశ్రయం కార్గోలో సరుకు పత్రాలు సరిచూసే ఉద్యోగానికి మెయిల్ పంపాలి. రెజ్యూమె అప్పటికే జతచేశాను. మెయిల్‌లో ఏం రాయాలన్నదే తేలడం లేదు.

భయమంతా రెజ్యూమెలోని ఒక్క వరుస గురించి. ఒక గోదాములో రెండు నెలల ఉద్యోగం. తూచని పెట్టెలను తూచినట్టు సంతకం చేయమంటే, చేయనని మానేశాను. ఆ రెండు నెలలు చూసి వీళ్ళు నన్ను పక్కన పెడితే ఈ రంగంలో ఇంకెవరు రానిస్తారు?

ఎదుటి పక్షం అభ్యంతరం లేవనెత్తకముందే దాన్ని ఖండించాలని కాలేజీ డిబేట్‌లో నేర్పారు. అందుకే నాలుగు పేరాల్లో నా రాజీనామాను సమర్థించుకున్నాను.

మరో కంపెనీలో నియామకాలు చూసే మా గదిలో ఉండే అక్క, ఆరాంఘర్ ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వచ్చి, నా భుజం మీదుగా చదివింది.

"ఏందే గిది? మెయిలా, కోర్టుల వాంగ్మూలమా?"

"నిజం దాచకూడదు కదక్కా."

"దాచినవా? రెజ్యూమెల తారీఖులు ఉన్నయి గద."

"కారణం చెప్పకపోతే తప్పుగా అనుకుంటారు."

"జర ఆగు. పొద్దుగాల నా ముంగట ఇసొంటియి కుప్పలు పడుంటయ్. ఏ పోస్టు, ఎందుకు పనికొస్తవ్, ఎప్పుడు చేరుతవ్, గివ్వే చూస్త. నువ్వేమో ముందుగాల్నే పాత ఓనరు మీద పంచాయితీ పెట్టినవ్. గిట్ల మొదలువెడితే అటాచ్‌మెంట్ ఎవలు తెరుస్తరు?"

"మరి మౌనం అబద్ధం కాదా?"

"అడిగినంక అబద్ధం చెప్తే అబద్ధం. ఇప్పుడెవలడిగిండ్రు నిన్ను?"

నాలుగు పేరాలూ చెరిపేశాను. ఈసారి గోదాము ఊసే ఎత్తకుండా డిగ్రీ, మార్కులు, బహుమతులు రాశాను.

"గవన్నీ జతచేసిన రెజ్యూమెల ఉన్నయి గద! మల్ల అప్పజెప్పుడెందుకు? పత్రాల పని నువ్వు చేసింది ఆ గోదాముల్నే. దాన్నే వదిలిపెడితే ఇంకేం చూపిస్తవ్?"

నేను దాటవేయాలనుకున్న చోటే నాకున్న ఏకైక అనుభవం ఉంది. మళ్ళీ రాశాను: మీ ప్రకటనలోని ఈ పోస్టుకు దరఖాస్తు చేస్తున్నాను, గోదాములో సరుకును దాని బిల్లుతో, ప్యాకింగ్ జాబితాతో పోల్చి తేడాలు పట్టుకోవడం నేర్చుకున్నాను, ఏ షిఫ్టులోనైనా పనిచేయగలను, వెంటనే చేరగలను, రెజ్యూమె జతచేశాను. చివర పేరు, ఫోన్ నంబరు. సబ్జెక్ట్ వరుసలో పోస్టు పేరు, నా పేరు.

పంపాక కూడా కారణం చెప్పుకోలేకపోయానన్న దిగులు తిండి సహించనివ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎవరో పెద్దాయన గొంతు. "మీ మెయిల్ చూసి రెజ్యూమె తెరిచానమ్మా. పత్రాల పని తెలిసినవారే మాకు కావాలి. కాకపోతే, రెండు నెలలకే ఎందుకు మానేశారు?"

ఇప్పుడు మాత్రం ఆయన అడిగారు.

"తూచని పెట్టెలకు సంతకం పెట్టమన్నారండీ," అన్నాను.

నేను ఇంకేమీ కలపలేదు.

"రేపు వచ్చి కలవండి," అన్నారాయన.