పాప లేచింది

మధ్యాహ్నం పన్నెండున్నర దాటిందంటే ఆ ఇంట్లో పిల్లి కూడా అడుగు చూసుకుని వెయ్యాల్సిందే. మిక్సీ తిరక్కూడదు. కుర్చీ జరక్కూడదు. కాలింగ్ బెల్ మీద ‘నొక్కకండి, తలుపు తట్టండి’ అని కాగితం అంటించి ఉంటుంది. ఆ కింద ఎర్ర పెన్నుతో ‘మెల్లగా’ అని ఇంకో మాట, దాని కింద రెండు గీతలు. పాప పడుకుంది మరి. ఏడాదిన్నర పిల్ల. దాని కళ్లు మూతపడ్డాయంటే వాళ్ల నాన్న ఆఫీసు తెరిచారన్నమాట.

ఆఫీసంటే పడగ్గది తలుపు వెనక ఒక మడత బల్ల, ఒక పాత ల్యాప్‌టాప్, ఒక ఇయర్‌ఫోన్. ఇయర్‌ఫోన్ ఎడమ చెవికి మాత్రమే. కుడి చెవి పాపది. ఎడమ చెవిలో సైన్సు మాస్టారు గ్రహణం గురించి చెబుతుంటే, కుడి చెవి ఉయ్యాల తాడు కిర్రుమనడం కోసం కాపలా కాస్తుంటుంది. ఇలా రెండు చెవులతో రెండు ఉద్యోగాలు చేసేవాణ్ణి పట్టుకుని ‘ఖాళీగా ఉంటున్నాడట పాపం’ అనే జనాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఇంతకీ ఆయన చేసేది ఇదీ. వినపడని పిల్లల కోసం వీడియో పాఠాలు తయారుచేసే సంస్థ ఒకటుంది. ఆ పాఠాల్లో మాస్టార్లు మాట్లాడే ప్రతి మాటా తెర కింద అక్షరాలుగా రావాలి. మాట మొదలైనప్పుడు అక్షరం రావాలి, మాట ఆగినప్పుడు పోవాలి. రెండు వరుసలు మించకూడదు. కన్ను చదివేలోపు మాయం కాకూడదు. వాన చప్పుడు వినిపిస్తే (వాన చప్పుడు) అని బ్రాకెట్లో రాయాలి. పదినిమిషాల పాఠానికి రెండు గంటలు పడుతుంది. పాప పొద్దున పడుకునేది అరగంట, మధ్యాహ్నం అదృష్టం బాగుంటే గంట. కాబట్టి ఒక్కో పాఠం నాలుగైదు నిద్రల్లో పూర్తవుతుంది. ఆ ఇంట్లో పనిని గంటల్లో చెప్పుకోరు. ‘సూర్యగ్రహణం ఎంతవరకు వచ్చింది?’ అని భార్య అడిగితే, ‘ఇంకో రెండు నిద్రలు’ అంటాడాయన.

భార్య నర్సు. పొద్దున్నే పోతే సాయంత్రానికి వస్తుంది. ఆయన ఏడాదిన్నర కిందటిదాకా ఒక పత్రికలో కంపోజింగ్ చేసేవాడు. పత్రిక మూతపడింది, పాప పుట్టింది, రెండూ ఒకే నెలలో. అప్పట్నుంచీ పాపకి తల దువ్వడం, ముద్దలు పెట్టడం, ముక్కు తుడవడం అన్నీ ఆయనే. ఆ ఈడు పిల్లల తల్లులే పార్కులో ఆయన్ని అడిగి తెలుసుకుంటారు, పళ్లొచ్చేటప్పుడు ఏం చెయ్యాలని. టైపింగులో చేయి తిరిగినవాడు కనక ఈ పని వెతుక్కుని పట్టుకున్నాడు. మూడు నెలలు పరీక్షగా చూస్తామన్నారు. నచ్చితే ఏడాది ఒప్పందం. ఆ మూడు నెలలూ ఈ శుక్రవారంతో సరి.

ఇక్కడే ఉంది చిక్కంతా. పాప మామయ్య, అంటే భార్యకి అన్న, మనసు మంచిదే కానీ నోరు ఊరుకోదు. ఆయనకో పెద్ద గోడౌన్ ఉంది. “బావా, పిల్లని క్రెష్‌లో వేసి నా దగ్గరికొచ్చేయ్. గుమాస్తా కుర్చీ ఖాళీగా ఉంది. ఇంట్లో కూర్చుని ఆ టకటకలేంటి? మగాడన్నాక బయటికెళ్లొద్దూ?” అని వచ్చినప్పుడల్లా అదే పాట. చెవిలో జోరీగ. ఆఖరికి ఈయనకి ఒళ్లు మండి, “శుక్రవారం దాకా ఆగు బావా. ఒప్పందం రాకపోతే నీ గోడౌన్‌కే వస్తాను” అనేశాడు. అన్నాక నాలుక్కరుచుకున్నాడు. అప్పటికే మాట దాటిపోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. పనికి దరఖాస్తు పెట్టినప్పుడు ఒక ప్రశ్న అడిగారు: ‘మీరు పనిచేసే గది నిశ్శబ్దంగా ఉంటుందా?’ ఉంటుంది అని టిక్కు పెట్టాడు. అబద్ధం కాదు. పాప పడుకున్నప్పుడు ఆ ఇల్లంత నిశ్శబ్దమైన ఇల్లు ఎక్కడుంటుంది? పాప సంగతి మాత్రం రాయలేదు. అడగలేదు కదా అనుకున్నాడు.

మరి నిద్రకీ నిద్రకీ మధ్య తెగిపోయిన పని ఎక్కడ ఆగిందో ఎలా తెలియాలి? ఆ సాఫ్ట్‌వేర్ మూసి తెరిస్తే మళ్లీ మొదటి వాక్యం దగ్గరికే పోతుంది. అందుకని ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఉయ్యాల కదలగానే, ఎక్కడున్నాడో అక్కడే ‘పాప లేచింది’ అని టైపు చేసి పరిగెత్తేవాడు. తర్వాతి నిద్రలో ఆ రెండు మాటలూ వెతికి, చెరిపి, అక్కణ్ణుంచి ఎత్తుకునేవాడు. అన్నీ అయ్యాక సౌండు తీసేసి, పాఠం మొత్తం వినపడని పిల్లాడిలా కూర్చుని చూసేవాడు. ముప్పై ఒక్క పాఠాలు అలాగే చేశాడు, ఒక్క పొల్లు పోలేదు.

ముప్పై రెండోది విత్తనాల పాఠం. అందులో ఐదో నిమిషం దగ్గర పాప కుయ్యిమంది. ‘పాప లేచింది’ అని కొట్టి లేచాడు. ఉయ్యాల దగ్గరికి వెళ్లేసరికి మహాతల్లి పక్కకి తిరిగి మళ్లీ పడుకుంది. బతికిపోయాననుకుని వచ్చి, ఆ రెండు మాటల్నీ మర్చిపోయి, కింద నుంచి కొట్టుకుంటూ పోయాడు. ఇరవై నిమిషాలకి నిజంగానే లేచింది. ఇంకోసారి ‘పాప లేచింది’. తర్వాతి నిద్రలో చివరి దగ్గరున్న దాన్ని చూసి చెరిపాడు. పైదాని సంగతి గుర్తు లేదు. ఆ రోజు పాపకి పన్ను వస్తూ ఒళ్లు వేడిగా ఉంది, చంక దిగలేదు. సౌండు తీసి చూడ్డం కుదరలేదు. ఈ ఒక్కసారికేలే అని పంపించేశాడు.

బుధవారం ఫోన్ వచ్చింది. సంస్థలో పని చూసే మేడమ్.

“విత్తనాల పాఠం మీరే చేశారు కదండీ?”

“అవునండీ.”

“ఐదో నిమిషంలో ‘విత్తనం నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది’ అని ఉంది. ఆ వెంటనే ‘పాప లేచింది’ అని ఉంది. పాప ఎవరండీ?”

పాప చంకలో కూర్చుని ఫోన్ లాక్కోవాలని చూస్తోంది.

మేడమే మళ్లీ అంది: “ఆ పాఠం చూపించిన బడిలో టీచర్‌గారైతే మొలకనే మీరు చమత్కారంగా పాప అన్నారనుకున్నారట. చాలా బాగుంది అన్నారు. కానీ ఒక అమ్మాయి ఊరుకోలేదు. తెర మీద మాస్టారి నోరు మూసే ఉంది కదా, మరి ఆ మాట ఎవరన్నారు అని అడిగిందట. పెదవులు చూసి చదివే పిల్లలు కదండీ, వాళ్ల కన్నుగప్పలేం. అది మీ చమత్కారమేనా?”

అవునంటే సరిపోయేది. ఎదురుగా తలుపు తెరిచి పెట్టి మరీ రమ్మంటున్నట్టుంది. ఒక్క క్షణం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆయనకి ఆ అమ్మాయి గుర్తొచ్చింది. అనని మాట అక్షరమై వచ్చిందని పట్టుకున్న పిల్ల. ఆ పిల్లకి అబద్ధం చెప్పడమా?

“కాదండీ,” అన్నాడు. “నాకో ఏడాదిన్నర పాప ఉంది. అది పడుకున్నప్పుడే పని చేస్తాను. లేస్తే గుర్తుకోసం అలా రాసుకుంటాను. చెరపడం మర్చిపోయాను. తప్పు నాదే.”

“రేపు చెబుతాను” అని మేడమ్ ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం భార్య అంతా విని, చెప్పుల బెల్టు కూడా విప్పుకోకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. “నిజం చెప్పావు కదా, వదిలెయ్. ముప్పై పైచిలుకు పాఠాలు పిల్లని సాకుతూ చేశావు. మా వార్డులో అందరికీ చెప్పుకుంటాను నేను. ఉద్యోగం పోతే పోనీ, నాకు మాత్రం గర్వంగానే ఉంది” అంది. ఆయనకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముక్కు తుడవడం కోసం పాప రుమాలే తీసుకున్నాడు.

గురువారం పాప పడుకున్న పది నిమిషాలకి సందేశం వచ్చింది. ‘మీ పాత పాఠాలన్నీ మనుషుల్ని పెట్టి వెతికించాను. ఇంకెక్కడా పాప లేవలేదు. ఒప్పందం పంపుతున్నాను. షరతు ఒక్కటే. ఒంట్లో బాగోక పాప పడుకోని రోజున నాకు చెప్పండి, గడువు జరుపుతాను. చూడకుండా మాత్రం పంపకండి. ఇప్పుడు ఈ చిన్న వీడియో చూడండి. బడి పిల్లలందరి తరఫునా ఆ అమ్మాయే సైగలతో మాట్లాడింది. అర్థం టీచర్‌గారు రాసిచ్చారు. అక్షరాలు మీరే వెయ్యాలని ఆ అమ్మాయి పట్టుబట్టింది. ఈరోజే కావాలి.’

ఆయన రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబోతూ, నిద్ర కరిగిపోతోందని గుర్తొచ్చి ఒక్క ఉదుటున బల్ల ముందు కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే తలుపు మీద టకటక. మెల్లగా కాదు. పాప మామయ్య! “ఏం బావా, శుక్రవారం రేపే కదా, ఎలాగూ వస్తావని కుర్చీ కూడా తుడిపించి...” అంటూ తలుపు తోసుకుని వచ్చి, ఈయన మొహం చూసి ఆగిపోయాడు. ఈయన నోటి మీద వేలు పెట్టి, తెర వైపు చూపించి, మళ్లీ పనిలో పడ్డాడు.

మామయ్య వెనకే నిలబడ్డాడు. ఆ పని ఆయన ఎప్పుడూ చూసి ఎరగడు. తెర మీద పన్నెండేళ్ల అమ్మాయి, రెండు జడలు. గొంతు లేదు, చప్పుడు లేదు. ఈయన చెవిలో ఇయర్‌ఫోన్ కూడా లేదు. ఆ పిల్ల చెయ్యి లేచిన చోట ఒక గీత, చెయ్యి వాలిన చోట ఇంకో గీత పెట్టి, మధ్యలో మాటలు కూర్చుతున్నాడు. ఒకసారి అక్షరాలు ముందొచ్చేశాయి. చెరిపి వెనక్కి జరిపాడు. మళ్లీ వేశాడు. మళ్లీ చూశాడు. ఆ పిల్ల చేతులు కదుపుతుంటే కింద ఒక్కో మాటా వచ్చి నిలబడింది:

‘పాప ఎవరో మాకు తెలిసింది.’

‘పాప పడుకున్నప్పుడు మీరు మా కోసం రాస్తారట.’

‘పాపకి థ్యాంక్స్ చెప్పండి. ఇంకాస్త సేపు పడుకోమనండి.’

మామయ్య తెర వైపు వంగాడు. “ఇదా బావా నువ్వు చేసేది?” అన్నాడు గొంతు తగ్గించి. జన్మలో మొదటిసారి తగ్గించాడేమో, ఆ గొంతు ఎలా తగ్గించాలో తెలియక కీచుగా వచ్చింది.

“ఇదే బావా. ఒప్పందం వచ్చింది. ఆ కుర్చీలో ఇంకెవర్నైనా కూర్చోబెట్టుకో.”

అంతలో ఉయ్యాల తాడు కిర్రుమంది. చివరి వాక్యం ఇంకా సరిపడలేదు. సౌండు తీసి చూసే పని ఎలాగూ లేదు కానీ, మొదట్నుంచీ ఒకసారి చూడాలి. అలవాటుకొద్దీ ఈయన వేళ్లు ‘పా’ మీదకి వెళ్లాయి.

మామయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. చెప్పులు విడిచిపెట్టి, ఆ భారీ మనిషి మునివేళ్ల మీద ఉయ్యాల దగ్గరికి నడిచాడు. పిల్లని ఎత్తుకుని భుజాన వేసుకుని, గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు.

“పాప లేచింది,” అన్నాడు గుసగుసగా. “నువ్వు కానియ్ బావా. నేనున్నాగా.”