ఎవరూ అడగని గడియారం

శివ్‌లోచన్ చేతికి గడియారం ఉండదు. నలభై ఏళ్లుగా సూవా మార్కెట్ వెనక సందులో గడియారాలు బాగుచేస్తున్న మనిషి టైమెంతయిందో కావాలంటే నన్నడుగుతాడు. ఒకే కొట్టును మేమిద్దరం పంచుకున్నాం. వీధివైపు సగం ఆయనది, లోపలి సగంలో నా కుట్టుమిషనూ, నిలువుటద్దమూ ఉంటాయి. ఆయన బల్లమీద పదహారు గడియారాలుంటే పదహారూ పదహారు టైములు చూపిస్తాయి. నా రేడియో ఒక్కటే నిజం చెబుతుంది.

ఆయన దృష్టిలో లోకంలో రెండే జాతుల గడియారాలున్నాయి. స్ప్రింగుతో నడిచేవి గడియారాలు, మిగతావన్నీ బొమ్మలు. స్ప్రింగు గడియారం బల్లమీదికొస్తే చేతులు కడుక్కుని, మెత్తటి మల్లుగుడ్డ పరిచి గానీ ముట్టుకోడు. బ్యాటరీది వస్తే మాత్రం కసావా చిప్స్ నములుతూనే విప్పేస్తాడు. ఆయన ఇంటద్దె కట్టేది ఆ బ్యాటరీల మీద వచ్చే డబ్బుతోనే అని ఒకసారి గుర్తుచేస్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ రోజు వసెవా నా దగ్గరికే వచ్చింది. నర్సు చదువు పూర్తయింది, కోరో దీవిలోని నర్సింగ్ స్టేషన్‌కు వేశారు. ఓడ గురువారం. యూనిఫాం నడుము దగ్గర బిగించాలి. వెనకాలే మేనమామ ఇలియేసా వచ్చాడు. మార్కెట్‌లో నీళ్లలో కలుపుకుని మత్తుకు తాగే యంగోనా వేర్లు అమ్ముతాడు, నిలబడితే మా గుమ్మంలోంచి వెలుతురు రాదు. ఆయన వెనక ఆ అమ్మాయి పెద్దమ్మ కొడుకు తోమాసి.

"దీదీ, యూనిఫాం తర్వాత. ముందు గడియారం కొనాలి," అంది వసెవా. "నూట ఇరవై డాలర్లున్నాయి. ఇదే నా మొదటి గడియారం."

"ఫోనుందిగా?"

"పిన్ని అడిగింది."

ఇక చెప్పాల్సిందేమీ లేదు. ఈ దీవుల్లో చుట్టం వచ్చి "కెరెకెరె" అన్నాడంటే, నీ దగ్గరున్నది నాకియ్యి అని అర్థం. లేదనడం మర్యాద కాదు. అదేమీ దోపిడీ కాదు. ఈ పిల్ల చదువుకు బస్సు ఛార్జీలూ, పుస్తకాలూ అలా అడిగితే వచ్చినవే. కాకపోతే చేతిలో ఉన్న వస్తువు ఎంతకాలం ఉంటుందో తెలియదు. మూడేళ్లలో ఈ అమ్మాయి రెండు గొడుగులు, ఒక బ్యాగు, చెప్పుల జత, ఇప్పుడు ఫోను కూడా ఇచ్చేసింది. అందుకే మా కొట్టు తలుపు మీద శివ్‌లోచన్ పెద్దక్షరాలతో బోర్డు రాసి పెట్టుకున్నాడు: అప్పు లేదు, కెరెకెరె అసలే లేదు.

"పసిపిల్లలకు జలుబు చేసి ఆయాసం వస్తే ఊపిరి లెక్కపెట్టాలి," అంది వసెవా. "పూర్తిగా ఒక నిమిషం. తక్కువ చూస్తే తప్పు లెక్క వస్తుంది. మందివ్వాలా, పెద్దాసుపత్రికి ఓడెక్కించాలా అన్నది ఆ లెక్కమీదే ఉంటుంది. అక్కడ నేనొక్కదాన్నే. గడియారం లేకుండా వెళ్లలేను."

శివ్‌లోచన్ లేచి చేతులు కడుక్కున్నాడు. అప్పుడే నాకర్థమైంది ఏది తీయబోతున్నాడో. మల్లుగుడ్డ పరిచి దానిమీద ఆ ఆటోమేటిక్ పెట్టాడు. వెనకవైపు అద్దంలోంచి లోపలి చక్రాలు కనిపిస్తాయి. మూడేళ్లుగా అమ్ముడుపోక ఆయన గుండెలమీద కూర్చున్న గడియారమది.

"బ్యాటరీ లేదు, ఛార్జింగ్ లేదు," అన్నాడు. "చెయ్యి ఊగుతుంటే లోపల ఈ అర్ధచంద్రం తిరిగి స్ప్రింగుకు కీ ఇస్తుంది. నువ్వు బతికున్నంతకాలం అది బతుకుతుంది. నూట నలభైది, నీకు నూట ఇరవైకే."

"ఇదే తీసుకో," అన్నాడు ఇలియేసా వెంటనే. "మగాడి చేతికి ఎంత నిండుగా ఉంటుందో."

"నేను ఆడదాన్ని మావయ్యా."

"నీ చేతికి కూడా ఉంటుందిలే, కొన్నాళ్లు."

తోమాసికి అది నచ్చలేదు. గాజు పెట్టెలోని స్మార్ట్ వాచీ చూపించాడు. "ఏ కాలంలో ఉన్నారు మీరంతా? ఇది తొంభై ఐదే. మెసేజీలొస్తాయి, అడుగులు లెక్కపెడుతుంది, గుండె ఎంత కొట్టుకుంటుందో కూడా చెబుతుంది. నర్సుకు ఇంకేం కావాలి?"

"అది నా గుండెను చెబుతుంది అన్నయ్యా. నాకు కావాల్సింది రోగి గుండె."

తోమాసి కాసేపు ఆలోచించాడు. "రోగి చేతికి పెట్టు."

"నెలల పిల్ల చేతికా? అది జారి భుజం దాకా పోతుంది. పైగా మెసేజీలు రావాలంటే ఫోను కావాలి, అది పిన్ని దగ్గరుంది. రెండు రోజులకోసారి ఛార్జింగ్ పెట్టాలి. అక్కడ సోలార్ కరెంటు టీకాల ఫ్రిజ్‌కు చాలితే గొప్ప."

"అయితే నా దగ్గర పెట్టి వెళ్లు. నేను ఛార్జింగ్ పెడుతూ ఉంటాను," అన్నాడు తోమాసి. ఎంత ప్రేమగా అన్నాడో చెప్పలేను.

నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూర్చున్నాను గనక మాట్లాడలేదు గానీ, నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లకు ఏది కావాలో ఎవరూ చూడట్లేదు. మేనమామ రేపు తన చేతికి ఏది బావుంటుందో అదే కొనమంటున్నాడు. అన్న తన దగ్గరుంచుకోవడానికి ఏది బావుంటుందో అది కొనమంటున్నాడు. కొట్టువాడు తన దగ్గర ఏది మిగిలిపోయిందో అది అంటగడుతున్నాడు. ఉచిత సలహాల్లో ముగ్గురూ ముగ్గురే.

వసెవా ఆటోమేటిక్‌ను చేతిలోకి తీసుకుంది. శివ్‌లోచన్ మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టింది. సెకన్ల ముల్లు ఆగి ఆగి గెంతకుండా నున్నగా సాగుతోంది. ఆయన పెళ్లికొడుకులా కదలకుండా కూర్చున్నాడు.

"డెబ్బై ఆరు," అంది. "బాగానే ఉంది అంకుల్. కానీ ఇది రోజుకు ఎంత తప్పు చూపిస్తుంది?"

"పది, ఇరవై సెకన్లు. రోజంతటికి కదా, నీ ఒక్క నిమిషంలో ఏమీ తేడా రాదు." అది నిజమే చెప్పాడు.

"అయితే ఇదే తీసుకుంటాను. డ్యూటీలో మోచేతి కింద ఏదీ ఉండకూడదు. సూక్ష్మక్రిములు అంటుతాయని పెట్టుకోనివ్వరు. గౌను మీద, ఇక్కడ గుండె దగ్గర పిన్నుతో తగిలించుకుంటాను."

పర్సు తెరిచి డబ్బు తీసింది. ఇలియేసా అప్పుడే తన మణికట్టు రుద్దుకుంటున్నాడు.

శివ్‌లోచన్ డబ్బు అందుకోలేదు. గడియారం వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. నేను గుండుసూదులు తీసి గుప్పిట్లో పట్టుకున్నాను. ఈ మనిషి ఇప్పుడు అబద్ధమాడితే కొట్టు మధ్యలో గోడ కట్టించేద్దామని గట్టిగా అనుకున్నాను.

"గౌనుకు తగిలిస్తే తిరగదు," అన్నాడు చివరికి. మాట పంటి కింద రాయి తగిలినట్టు వచ్చింది. "చెయ్యి ఊగితేనే దానికి కీ ఎక్కేది. గుండె మీద వేలాడితే ఆ ఊపు చాలదు. ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. కీ చేత్తో తిప్పుకోవచ్చు. కానీ కిందపడిందంటే, ఉప్పుగాలికి తేమ పట్టిందంటే, నా దగ్గరికి పంపాలి. విప్పి నూనె వేసి బిగించడానికి నేను తీసుకునేది, కొత్తదాని ఖరీదులో సగం."



తర్వాత ఆయన బల్ల కింది అట్టపెట్టెలో చెయ్యి పెట్టి, దుమ్ము దులిపి, ఒకటి తీశాడు. చేతులు కడుక్కోలేదు. నీలం రబ్బరు తొడుగు, వెనక పిన్ను, చిన్న పట్టీకి తలకిందులుగా వేలాడే క్వార్ట్జ్ గడియారం. పెట్టుకున్నవాళ్లు కిందికి చూస్తే సరిగ్గా కనిపిస్తుంది. అంకెలు పెద్దవి, సెకన్ల ముల్లు ఎర్రది, సెకనుకో అడుగు వేస్తుంది.

"ముప్పై డాలర్లు. లోపల అంతా ప్లాస్టిక్. చెబుతుంటే నాకే సిగ్గుగా ఉంది. నెలకు పది పదిహేను సెకన్ల కంటే ఎక్కువ తప్పదు. బ్యాటరీ రెండేళ్లు. తొడుగు తీసి సబ్బుతో కడుక్కోవచ్చు. బ్యాటరీ అయిపోయేముందు ముల్లు రెండేసి సెకన్లు గెంతుతుంది, అప్పుడు పంపించు."

వసెవా దాన్ని గౌనుకు తగిలించుకుని మళ్లీ ఆయన నాడి పట్టుకుంది. ఈసారి తొంభై నాలుగు వచ్చింది. అబద్ధం చెప్పబోయి ఆగినవాడి నాడి అలాగే ఉంటుంది మరి.

ఇలియేసా వంగి ఆ గడియారాన్ని చూశాడు. పెదవులు కదిలాయి. కెరెకెరె అనబోయాడని నాకు తెలుసు, వసెవాకు కూడా తెలుసు. ఆయన దాన్ని ఒకసారి వేలితో తిప్పి, తలకిందులుగా ఉన్న పన్నెండు చూసి, నిటారుగా నిలబడ్డాడు.

"ఇదేం గడియారం," అన్నాడు. "ఏ మనిషయినా పెట్టుకుంటాడా?"

ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. మూడేళ్లలో మొదటిసారి ఒక వస్తువు తనదయింది.

గురువారం ఓడలో వెళ్లిపోయింది. ఆ తర్వాతి వారం ఇలియేసా యంగోనా మూటలమ్మిన డబ్బుతో ఆటోమేటిక్ తనే కొనుక్కున్నాడు. ఆదివారం చర్చికి మాత్రం పెట్టుకుని అలమారలో దాచేవాడు. మంగళవారానికల్లా ఆగిపోయేది. "చచ్చిపోయింది భయ్యా" అని ప్రతి శనివారం తెచ్చేవాడు. శివ్‌లోచన్ నాలుగుసార్లు ఊపి, అది బతికాక చేతికిచ్చేవాడు. మూడో నెలలో తోమాసి అడిగాడు, ఇచ్చేశాడు. తోమాసిని బావమరిది అడిగాడు, బావమరిదిని పాస్టరు గారి తమ్ముడు అడిగాడు. అందరూ ఒకరి తర్వాత ఒకరు శనివారం వచ్చి అదే మాట చెప్పేవారు. శివ్‌లోచన్ అన్నట్టే ఆ గడియారం చావకుండా బతుకుతూనే ఉంది, కాకపోతే ఎవరి దగ్గరన్నదే తెలియదు.

రెండేళ్లు దాటాక కోరో ఓడలో ఒక బిస్కెట్ డబ్బా వచ్చింది. అందులో దూది మధ్య ఆ నీలం గడియారం, ఒక చీటీ.

"అంకుల్, ముల్లు రెండేసి సెకన్లు గెంతుతోంది. నిమిషం మాత్రం తప్పలేదు. ఇప్పటికి నూట పద్దెనిమిది మంది పిల్లల ఊపిరి దీంతో లెక్కపెట్టాను. పదకొండు మందిని ఓడెక్కించాను. అందరూ తిరిగి వచ్చారు. దీన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వచ్చే ఓడకు పంపండి, అప్పటిదాకా టీచరు గారి గడియారం తెచ్చుకున్నాను."

శివ్‌లోచన్ చీటీ రెండుసార్లు చదివాడు. లేచి చేతులు కడుక్కున్నాడు. మల్లుగుడ్డ పరిచాడు. ముప్పై డాలర్ల ప్లాస్టిక్ కోసం ఆయన గుడ్డ పరచడం చూసి నేను మిషన్ ఆపేశాను. నాకు ఏడుపొచ్చింది. పైకి మాత్రం దారం తెగిందన్నాను.

కొత్త బ్యాటరీ వేసి మూత బిగించేసరికి గుమ్మంలో వెలుతురు పోయింది. ఇలియేసా వచ్చాడు, చెయ్యి ఖాళీ. చీటీ చదివించుకున్నాడు. రెండేళ్లు ఒక్కరోజూ ఆగలేదా అని అడిగాడు. లేదన్నాం.

"భయ్యా," అన్నాడు మెల్లగా, "కెరెకెరె. ఇది నాకియ్యి. వసెవాకు నేను చెబుతాను."

శివ్‌లోచన్ తలుపు మీది బోర్డు చూపించలేదు. "తీసుకో," అన్నాడు. "ముందు తగిలించుకుని చూడు."

ఇలియేసా దాన్ని పూల చొక్కా మీద, గుండె దగ్గర తగిలించుకున్నాడు. నా నిలువుటద్దం ముందు నిలబడ్డాడు. అద్దంలో పన్నెండు కిందా, ఆరు పైనా ఉన్నాయి, ముల్లు ఎదురు తిరుగుతోంది. కళ్లు చికిలించినా టైము పోల్చుకోలేకపోయాడు. అప్పుడు గడ్డం వంచి సూటిగా కిందికి చూశాడు. అన్నీ సరిగ్గా కనిపించాయి. ఎర్ర ముల్లు సెకనుకో అడుగు వేస్తోంది. దాని కింద ఆయన పొట్ట ఊపిరితో లేస్తూ దిగుతోంది. తెలియకుండానే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు, పెదవులు కదులుతుంటే చూశాను. నిమిషమంతా అలాగే నిలబడ్డాడు.

తర్వాత పిన్ను ఊడదీసి, తనే దూదిలో చుట్టి, బిస్కెట్ డబ్బాలో పెట్టి మూత నొక్కాడు.

"ఓడ ఎన్ని గంటలకు?" అన్నాడు. "నేనే తీసుకెళ్లి కెప్టెన్ చేతికిస్తాను. దారిలో ఎవరైనా అడుగుతారేమో."