తమ్ముడి ఫోన్ బిల్లు ఆపిన నెల

మా తమ్ముడు పూణేలో జేసీబీ నడిపేవాడు. వాడి పోస్ట్‌పెయిడ్ బిల్లు వనపర్తిలో ఉన్న నా ఖాతాలోంచి పోయేది. వాడు పనిలేక బిజినేపల్లిలో తిరిగే రోజుల్లో ఆ కనెక్షన్ నా పేరు మీదే తీసిచ్చాను. పని దొరికాక కూడా, "నీకే మంచిగ గుర్తుంటది అక్కా, నాకు యాదికుండది" అని నవ్వి తప్పించుకున్నాడు. నేను పనిచేసే స్కూల్లో ఫీజుల లెక్కలన్నీ నావే, కాబట్టి ఈ లెక్క కూడా నా మెడకే చుట్టుకుంది. నాకూ గుర్తుండదనే భయంతో ఫోన్‌లో ఆటోపే పెట్టాను.

ప్రతి నెలా ఒకరోజు ముందే మెసేజ్ వచ్చేది, రేపు మీ ఖాతా నుంచి నాలుగు వందల డెబ్బై పోతాయని. మర్నాడు పిన్ అడగకుండానే పోయేవి. పదిహేను వేలు దాటితేనే అడుగుతుందట, మా బతుకుల్లో అంత బిల్లు ఎక్కడిది? ఒక్కసారికి ఆరు వందలకు మించి పోకూడదని నేనే హద్దు పెట్టాను. వాడి చేయి కాస్త పెద్దదని తెలుసు మరి.

ఒక నెల అదే జరిగింది. వీడియోలు చూసేందుకు డేటా ప్యాక్ వేసుకున్నాడు, బిల్లు ఆరు వందల నలభై వచ్చింది. హద్దు దాటింది కనుక డబ్బులు పోలేదు. నేను గమనించలేదు. గడువు దాటిన కొన్నాళ్లకు వాడి ఫోన్ నుంచి కాల్స్ పోవడం ఆగిపోయింది. ఆ గంటలోనే తన రూంలో ఉండే, మల్దకల్ ఊరి పిల్లగాడి ఫోన్ నుంచి చేశాడు.

"అక్కా, ఫోన్ బందయ్యింది. జర చూడు."

తిట్టి, చేత్తో కట్టేసి, పిన్ కొట్టి హద్దును వెయ్యికి పెంచాను. ఆ రోజు వాడు చాలాసేపు మాట్లాడాడు.

నాన్న సంవత్సరీకానికి వాడు రాలేదు. ఉన్న ఒక్క కొడుకు. వస్తానని చెప్పి రాలేదు, ఎందుకని ఫోన్ చేస్తే ఎత్తలేదు. చుట్టాల ముందు తల కొట్టేసినట్టయింది. తర్వాత పది రోజులకు కూడా వాడి దగ్గర నుంచి మాట లేదు. అప్పుడే, స్కూల్లో అన్నం తింటుండగా, ఆ మెసేజ్ వచ్చింది. రేపు నాలుగు వందల డెబ్బై.

నా కోపం నాకు తెలుసు, అది వచ్చినప్పుడు చేతులు ముందు పోతాయి. యాప్‌లో ఆటోపే తెరిచాను. వాడి నంబరు మీద నొక్కితే, తాత్కాలికంగా ఆపడం, పూర్తిగా రద్దు చేయడం రెండూ కనిపించాయి. ఆపడమే నొక్కి, పిన్ కొట్టాను. నేను మళ్లీ తెరిచేదాకా పైసా పోదని మెసేజ్ వచ్చింది. రద్దు చేయలేదు కదా, నాలుగు రోజులు బుద్ధి రానీ అనుకున్నాను. కాల్స్ ఆగితే పోయినసారిలాగే ఇంకొకరి ఫోన్ నుంచైనా చేస్తాడని నా ధీమా. అంతటితో ఊరుకోకుండా వాడికి వాట్సాప్‌లో రాశాను: "నీ బిల్లు నేనే ఆపిన. మాట్లాడాలనుకుంటే ఎట్లనన్న చేస్తవు."

చూశాడు. జవాబు ఇవ్వలేదు.

వాడి ఫోన్ నుంచి కాల్స్ పోకపోయినా, వాడి ఫోన్‌కు బయటి కాల్స్ వెళ్తాయని నాకు తెలుసు. నేను చేయవచ్చు. ముందు వాడే చేయాలని కూర్చున్నాను.

దాదాపు మూడు వారాల తర్వాత మల్దకల్ పిల్లగాడు చేశాడు. తమ్ముడికి డెంగీ, దవాఖానలో వేశామన్నాడు. నేను, మా ఆయన రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లాం. మేం చేరేసరికి వాడు ఇక లేడు.

వాడి ఫోన్ నా చేతికి ఇచ్చారు. చివరి రెండు రోజుల్లో నా నంబరుకు ఆరుసార్లు చేశాడు. ఒక్కటీ కలవలేదు. బిల్లు బాకీ ఉందని చెప్పే కంపెనీ రికార్డు గొంతును వాడు ఆరుసార్లు విన్నాడు.

"నీ ఫోన్ ఎందుకియ్యలేదు?" అని ఆ పిల్లగాణ్ని నిలదీశాను. సిగ్గు లేకుండా వాణ్నే నిలదీశాను.

"ఇచ్చిన అక్కా. నాన్న దినానికి రాలేదని మస్తు బాధపడుతుండె. సేటు సెలవియ్యలే, ఆ మాట చెప్పనీకె మొఖం చెల్లలే అన్నడు. జ్వరమొచ్చినంక నా ఫోన్ల చెయ్యమంటె ఇనలే. 'వద్దు, అక్కనే బంద్ జేసింది. కోపం తగ్గినంక ఆమెనే తెరుస్తది, అప్పుడు నా ఫోన్ల నుంచే చేస్త' అన్నడు."

వాడు చూసుకుంటూ ఉన్నాడన్నమాట. నా కోపం తగ్గిందా లేదా అని, ఆరుసార్లు.

ఇంటికొచ్చి బాకీ కట్టాను. ఆటోపే తెరిచి, పిన్ కొట్టి, మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు ప్రతి నెలా ఒకరోజు ముందు మెసేజ్ వస్తుంది. ఖాతాలో డబ్బు ఉందో లేదో చూసుకుంటాను. వాడి ఫోన్ మా అల్మారాలో ఉంది, ఇప్పుడు దాన్నుంచి కాల్స్ పోతాయి.